బాబాయి చెప్పింది 43 లక్షలు, నాకొచ్చింది 38.6: ఏది నమ్మాలి?

ప్రశ్న: సార్, బి.టెక్ సివిల్ అయ్యాక మా బాబాయితో కలిసి తణుకు చుట్టుపక్కల ఇళ్ల కాంట్రాక్టు పనులు చూస్తున్నాను. పోయినేడాది 1,000 చదరపు అడుగుల ఇల్లు 18 లక్షలకు కట్టిచ్చాం. అంతకుముందు 800 అడుగులది 15.2 లక్షలకు, 1,500 అడుగులది 25 లక్షలకు చేశాం. అన్నీ ఒక అంతస్తువే. ఇప్పుడు ఒకప్పటి వరిచేలో వేసిన లేఅవుట్‌లో కింద 1,200, పైన 1,200 అడుగులతో ఇల్లు అడుగుతున్నారు. బాబాయి నిలబడ్డపాటున "అడుగు 1,800, మొత్తం 43 లక్షలు" అనేశారు. నేను పది రోజులు కూర్చుని ప్రతి ఐటమూ కొలిచి, మెటీరియల్, లేబర్ కలిపి వేస్తే 38 లక్షల 60 వేలే వచ్చింది. పాత ఇళ్లతో ఎక్సెల్ ఫార్ములా వేసి చూస్తే 37 లక్షల 60 వేలు. అంటే నాదే కరెక్ట్ కదా? అనలాగస్, పారామెట్రిక్, బాటమ్-అప్ అని కాలేజీలో చదివాను గానీ ఏది ఎప్పుడు వాడాలో తెలీదు. ఓనరు ఆదివారం వస్తానన్నారు, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీ లెక్క కరెక్ట్ కాదు. మీ బాబాయి గారిదీ కాదు, కానీ ఆయన అసలు ఖర్చుకి మీకంటే దగ్గరగా ఉన్నారు. అది అనుభవం వల్ల అనుకునేరు, అదృష్టం వల్ల. మీ రెండు లెక్కలూ ఒకదానికొకటి దగ్గరగా రావడం కూడా యాదృచ్ఛికమే.

పేర్లు నోరు తిరగవు కాబట్టి వాటికి మనం సైట్లో పలికే పేర్లు పెట్టుకుందాం. అనలాగస్ అంటే పోలిక లెక్క: ఇలాంటిది ముందొకటి కట్టాం, దానికింత అయింది, కాబట్టి దీనికింత. పారామెట్రిక్ అంటే రేటు లెక్క: చాలా ఇళ్ల ఖర్చు చూసి అడుగుకింత అని తేల్చి, విస్తీర్ణంతో గుణించడం. బాటమ్-అప్ అంటే ఐటమ్ లెక్క: తవ్వకం నుంచి రంగుల దాకా ఒక్కో పని పరిమాణం కొలిచి, రేటు వేసి, కూడడం. బాబాయి గారు చేసింది రేటు లెక్కలా కనిపిస్తుంది గానీ నిజానికి అది పోలిక లెక్కే. ఒక్క ఇంటి ఖర్చుని దాని అడుగులతో భాగించినంత మాత్రాన అది రేటైపోదు.

ముందు మీ ఎక్సెల్ సంగతి చూద్దాం, మిగతా రెండు లెక్కలకీ తాళంచెవి అక్కడే ఉంది. మీ మూడు ఇళ్లనూ వరుసగా పెట్టండి. 800 నుంచి 1,000 అడుగులకి వెళ్తే ఖర్చు 2.8 లక్షలు పెరిగింది, అంటే అడుగుకి 1,400. 1,000 నుంచి 1,500కి వెళ్తే 7 లక్షలు పెరిగింది, అదీ అడుగుకి 1,400. మరి 1,000 అడుగుల ఇంటికి 14 లక్షలే కావాలి కదా, 18 ఎందుకైంది? ఆ నాలుగు లక్షలూ అడుగులతో పనిలేని ఖర్చు. బోరు, మోటారు, సంపు, సెప్టిక్ ట్యాంకు, గేటు, ప్రహరీ, ప్లాన్ అప్రూవల్, కరెంటు మీటరు. ఇల్లు చిన్నదైనా పెద్దదైనా ఇవి ఒక్కసారే వస్తాయి. A కాలమ్‌లో అడుగులు, B కాలమ్‌లో రూపాయలు పెడితే ఎక్సెల్ చెప్పేదీ ఇదే:

```
=SLOPE(B2:B4,A2:A4)        1400
=INTERCEPT(B2:B4,A2:A4)    400000
```

నాలుగు లక్షలు, దానిపైన 2,400 అడుగులకి 1,400 చొప్పున 33.6 లక్షలు, మొత్తం 37.6. అంకగణితంలో తప్పేమీ లేదు. (మీ మూడు ఇళ్లూ గీత గీసినట్టు ఒకే వరసలో ఉండటం మాత్రం అరుదు. ఇంకో నాలుగిళ్లు కలిపితే చుక్కలు గీతకి అటూ ఇటూ చెదురుతాయి. ఎంత చెదిరితే ఫార్ములాని అంత తక్కువ నమ్మాలి.) అసలు తప్పు, ఫార్ములాని అది ఎప్పుడూ చూడని చోట వాడటం. అది చూసినవి 800 నుంచి 1,500 అడుగుల ఇళ్లు, అన్నీ ఒక అంతస్తువే. మీరు అడిగింది 2,400 అడుగుల గురించి, అదీ రెండంతస్తులు, వరిచేలో. మెట్ల సంగతి ఆ ఫార్ములాకి తెలియదు, ఎందుకంటే ఆ మూడు ఇళ్లలో మెట్ల గది లేదు. పోయినేడాది తర్వాత పెరిగిన ధరలూ దానికి తెలియవు. రేటు లెక్క పనికొచ్చేది ఒకే మూసలో చాలా పనులు చేసినప్పుడు, కొత్త పని కూడా ఆ మూసలోనే ఉన్నప్పుడు. రేపు ఎవరైనా అదే ఊళ్లో 1,200 అడుగుల ఒక అంతస్తు ఇల్లు అడిగితే, ధరల పెరుగుదల కలుపుకుని కళ్లు మూసుకుని మీ ఫార్ములా వాడండి.

ఇప్పుడు పోలిక లెక్క. ఇల్లంతటినీ ఇంకో ఇల్లంతటితో పోలిస్తే అది నిలవదు. పాత ఇంటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కా కొత్త ఇంట్లో ఎలా మారుతుందో చూడాలి. మూడు ముక్కలు చాలు: అడుగులతో పనిలేనివి, పునాది నుంచి బేస్‌మెంట్ వరకు, ఆ పైదంతా. మొదటిది 4 లక్షలని తేలింది. బాబాయి గారి డైరీ, బిల్లులు తీస్తే రెండోది తేలుతుంది. అది 3 లక్షలు అయిందనుకుందాం. అప్పుడు మిగిలింది 11 లక్షలు, అంటే బేస్‌మెంట్ పైన అడుగుకి 1,100.

కొత్త ఇంట్లో బేస్‌మెంట్ పైన 2,400 అడుగులున్నాయి, 26.4 లక్షలు. పునాది మాత్రం 1,200 అడుగుల కిందే పడుతుంది, పైన ఎన్ని అంతస్తులున్నా. అదే మట్టి అయితే 3.6 లక్షలకి కాస్త పైన సరిపోయేది. వరిచేలో నల్లమట్టి మాటేమిటి? నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. పైగా చేను రోడ్డుకంటే పల్లంలో ఉంటుంది కాబట్టి మెరక కూడా పోయాలి. ఇలాంటి చోట మామూలు ఫుటింగులు వదిలేసి, అడుగున గడ్డలా వెడల్పయ్యే అండర్ రీమ్డ్ పైల్స్‌కి వెళ్లడం మామూలే. పైల్స్ వేసే వాళ్లని అడిగి, ప్లింత్ బీములూ మెరకా కలిపితే 7 లక్షలు తేలిందనుకుందాం. అడుగులతో పనిలేనివి 4 లక్షలే, స్థలం పెద్దది కాబట్టి ప్రహరీకి ఇంకో లక్ష, మొత్తం 5. మెట్లు, మెట్ల పైగది, పై అంతస్తుకి మెటీరియల్ ఎత్తే కూలి, పరంజా కలిపి 2 లక్షలు. వరసగా కూడితే 40.4. పాత బిల్లుల నుంచి తెచ్చిన 31.4 లక్షల మీద ఏడాది ధరల పెరుగుదల 5 శాతం అనుకుంటే దాదాపు 1.6 కలుస్తుంది. మొత్తం 42 లక్షలు. ఆ 5 శాతాన్ని గాలిలోంచి తీసుకోవద్దు. పోయినేడాది సిమెంటు, స్టీలు, ఇటుక బిల్లుల పక్కన ఈ నెల కొటేషన్లు పెట్టి తేల్చండి. ఇసుక మాత్రం వేరే కథ. ఆంధ్రలో 2024 జులై నుంచి ఇసుక ఉచితం కాబట్టి మీరు కట్టేది ఎక్కువగా లోడింగు, రవాణా ఖర్చులే. అంటే ఇసుక ధర పెరిగిందా అని కాదు, ఇసుక ర్యాంపు నుంచి కొత్త సైటుకి ఎన్ని కిలోమీటర్లు అని అడగాలి.

ఇప్పుడు బాబాయి గారి 43.2కి రండి. ఆయన 1,800ని 2,400తో గుణించినప్పుడు బోరూ సెప్టిక్ ట్యాంకూ గేటూ కూడా 2.4 రెట్లయ్యాయి. 5 లక్షలు కావాల్సిన చోట 9.6 పడ్డాయి. పునాది కూడా 2.4 రెట్లై 7.2 అయింది, కానీ మట్టి తేడా వల్ల అసలు ఖర్చూ దాదాపు అంతే. మెట్ల 2 లక్షలు, ధరల పెరుగుదల 1.6 లక్షలు ఆయన వదిలేశారు. ఎక్కువ పడ్డవీ తక్కువ పడ్డవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి లక్షా ఇరవై వేల తేడాతో బయటపడ్డారు. ఇదే లెక్క రేపు ఎర్రమట్టి నేలలో మూడంతస్తులకి వేస్తే ఆ తప్పులు అంతగా కొట్టేసుకోవు, ఎక్కువ వైపే మొగ్గుతాయి. అప్పుడు రేటు ఎక్కువ చెప్పి పని పోగొట్టుకుంటారు.

ఇక మీ పది రోజుల ఐటమ్ లెక్క. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మూడింటిలో ఎక్కువ ధీమాగా ఉన్నది ఇదే. పోలిక లెక్కలో తప్పు ఎటైనా పోవచ్చు. ఐటమ్ లెక్కలో తప్పు దాదాపు ఎప్పుడూ కిందికే పోతుంది, ఎందుకంటే లేని ఐటమ్‌ని ఎవరూ రాయరు, ఉన్న ఐటమ్‌ని మాత్రం మర్చిపోతారు. షీటులో ఉన్న నూటపాతిక వరుసలూ సరిగ్గా ఉన్నా, షీటులో లేని పది వరుసలు కళ్లకి కనిపించవు. మొదట్లో నేనూ ఇలాగే ఒక ఇంటికి దశాంశాల దాకా లెక్క కట్టాను. బాత్‌రూముల కింద స్లాబు దించితే ఆ గుంట నింపాలని, దానికి వాటర్‌ప్రూఫింగ్ చేయాలని రాయలేదు. మూడు బాత్‌రూములు. ఆ డబ్బు నా జేబులోంచే పోయింది.

వదిలేసినవి పట్టుకోవడానికి రేటు లెక్కని చిన్న ఎత్తున వాడండి. ఇల్లంతటికి కాదు, ఒక్కో మెటీరియల్‌కి. మీ షీటులో స్టీలు మొత్తం ఎంత వచ్చిందో చూసి 2,400తో భాగించండి. మామూలు ఆర్‌సీసీ ఇళ్లకి సైట్లో వాడే అంచనా అడుగుకి మూడున్నర నుంచి నాలుగు కిలోలు, సిమెంటు అడుగుకి 0.4 బస్తా. మీ పాత ఇళ్ల బిల్లుల్లో తేలిన అంకె దీనికంటే మేలు, అదే వాడండి. మీ షీటులో స్టీలు ఆరున్నర టన్నులుందనుకోండి, అడుగుకి 2.7 కిలోలే అవుతుంది. మీ పాత ఇళ్లకంటే బరువైన రెండంతస్తుల ఇంటికి వాటికంటే తక్కువ స్టీలు పట్టదు. ఎక్కడో పోయింది.

ఎక్కడ పోతుందో ఒక్క స్తంభం చూస్తే చాలు. 9 బై 12 అంగుళాల కాలమ్, ఆరు 12 ఎంఎం కడ్డీలు, అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. కడ్డీ వ్యాసం D ఎంఎం అయితే బరువు మీటరుకి D²/162 కిలోలు, అంటే 144ని 162తో భాగిస్తే 0.889. ఆరు కడ్డీలు, 3 మీటర్లు: 16 కిలోలు. కొత్తగా వేసేవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. కానీ ప్రతి అంతస్తులోనూ కింది కడ్డీ, పై కడ్డీ కొంత పొడవు పక్కపక్కన కలిసి ఉండాలి, అదే ల్యాపు. దాన్ని 50 వ్యాసాలు తీసుకుంటే 60 సెంటీమీటర్లు. కడ్డీ పొడవు 3.6 మీటర్లైంది, బరువు 19.2 కిలోలైంది. తర్వాత రింగులు. 8 ఎంఎం రింగు హుక్కులతో సహా 0.9 మీటరు, 15 సెంటీమీటర్ల దూరంలో 21 రింగులు, మీటరుకి 0.395 కిలోల చొప్పున ఏడున్నర కిలోలు. మొత్తం 26.7 కిలోలు. మీ షీటులో 16 ఉంటే, నూటికి నలభై పాళ్లు పోయినట్టే. బీముల్లోనూ ఇదే కథ. ఆరున్నర టన్నులు ఎనిమిదిన్నర కావడానికి ఇంకేం అక్కర్లేదు. టన్ను 60 వేలు అనుకున్నా, ఆ రెండు టన్నులకి 1.2 లక్షలు, కటింగు బెండింగు కూలి పైన.

దానికంటే పెద్దది ఇంకొకటుంది. మీరు "మెటీరియల్, లేబర్ కలిపి" అన్నారు. మీ బాబాయి గారి సంపాదన ఎక్కడ? పోయినేడాది 18 లక్షలు ఓనరు కట్టిన డబ్బు. అందులో ఆయన లాభం, సూపర్‌వైజరు జీతం, వాచ్‌మన్, టెంపరరీ కరెంటు, మిక్సరు అద్దె అన్నీ ఉన్నాయి. మీ 38.6లో అవి లేవనుకుంటాను. అంటే మీరు ఆయనతో పోల్చుకుంటున్నది ధరని కాదు, ఖర్చుని. స్టీలు సరిచేసి 39.9 అనుకోండి, దానిమీద నూటికి పది వేస్తే 43.9 అవుతుంది. పోలిక లెక్కలో వచ్చిన 42కి ఇది ఐదు శాతం లోపు తేడా. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఇంత దగ్గరగా చేరితే, ఇప్పుడు నమ్మొచ్చు. ఇందాక మీ 38.6, 37.6 దగ్గరగా ఉన్నా నమ్మకూడదు అన్నానే, తేడా ఇదే. ఒకటి లాభం, స్టీలు వదిలేసి తగ్గింది. ఇంకొకటి మెట్లూ ధరలూ వదిలేసి తగ్గింది. ఇద్దరు వేర్వేరు కారణాలతో ఒకే చోట తప్పిపోయారు, అంతే.

ఏది ఎప్పుడు అన్న ప్రశ్నకి నేను చూసేది ఒక్కటే: ఈ రోజు చేతిలో ఏ కాగితం ఉంది? ఓనరు స్థలం మాత్రమే చూపించి "ఎంతవుద్ది?" అంటే మీ దగ్గరున్నది పాత ఇళ్ల జ్ఞాపకమే, పోలిక లెక్క చాలు, అరగంట పని. అక్కడ ఐటమ్ లెక్క వేయడానికి కొలవాల్సిన డ్రాయింగే లేదు, ఊహించిన కొలతలకి పది రోజులు దండగ. ప్లాను గీసి, గదులూ అడుగులూ తేలి, స్ట్రక్చరల్ డ్రాయింగు ఇంకా రాకపోతే రేటు లెక్క. ప్రభుత్వ భవనాలకి కూడా తొలి అంచనా ప్లింత్ ఏరియా రేటు మీద వేసి, తర్వాత ప్రభుత్వ రేట్ల పట్టిక అయిన ఎస్ఎస్ఆర్ రేట్లతో వివరమైన ఎస్టిమేటు వేస్తారు. స్ట్రక్చరల్ డ్రాయింగు, టైల్సు ఏవి, తలుపులు టేకా వేపా, సానిటరీ ఏ కంపెనీ అన్నీ రాతపూర్వకంగా తేలాక, అగ్రిమెంటు ముందు మాత్రం ఐటమ్ లెక్క తప్పనిసరి. మెటీరియల్ ఎప్పుడెంత తెప్పించాలో, ఓనరు దగ్గర ఏ స్లాబుకి ఎంత బిల్లు తీయాలో కూడా దాన్నుంచే వస్తుంది.

ఇల్లంతటికి ఒకే లెక్క వాడాలని రూలేం లేదు. మీ కేసులో నేనైతే మట్టి పరీక్ష చేయించి పునాదికి ఇప్పుడే ఐటమ్ లెక్క వేస్తాను, ఎందుకంటే ఎక్కువ తేడా వచ్చేది అక్కడే. టైల్సుకి అడుగు రేటు చాలు, ఓనరింకా షాపుకే వెళ్లలేదు. పాత ఇంటి రిపేరు పని వస్తే మాత్రం పోలికా రేటూ రెండూ పక్కన పెట్టండి. గోడ పెచ్చు ఊడదీస్తేగానీ లోపల కడ్డీ తుప్పు కనిపించదు. అక్కడ ఐటమ్ రేట్లు ఒప్పుకుని, చేసిన పనిని కొలిచి బిల్లు వేయడమే దారి.

ఆదివారం ఓనరుతో ఒక్క అంకె చెప్పొద్దు, చెబితే అదే ఒప్పందమైపోతుంది. మొదటి దశ అంచనాకి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఇచ్చే వెసులుబాటు కిందికి 25 శాతం, పైకి 75 శాతం దాకా ఉంటుంది. మన ఓనర్ల దగ్గర అంత వెడల్పు చెప్తే టీ కూడా తాగకుండా లేచిపోతారనుకోండి. మీ దగ్గర అంతకంటే ఎక్కువ సమాచారమే ఉంది కాబట్టి "42 నుంచి 46 మధ్య" అనండి. ఆ మధ్యలో ఉన్నది ఎక్కువగా పునాదేనని, మట్టి పరీక్ష వచ్చాక తేలుస్తామని చెప్పండి. బాబాయి గారు 43 అన్నారు కదా అని ఓనరు పట్టుకుంటే, 43 ఆ మధ్యలోనే ఉంది, ఆయన మాట పోదు. కాగితం రాసుకునేటప్పుడు పునాదిని మొత్తం ధరలో కలపకుండా విడిగా పెట్టండి: ఇన్ని పైల్స్, ఒక్కోటి ఇన్ని అడుగుల లోతు, అంతకు మించి దిగితే అడుగుకి ఇంత.